ఎవరి మీద పడే భారం?
దూరాన ఉన్న అపరిచితుల పట్ల బాధ్యత, దాని హద్దు గురించి ఒక స్మారకోపన్యాసం

జీవితాంతం తత్వశాస్త్రం బోధించిన ఒక అధ్యాపకుడి స్మృతిలో ఏటా జరిగే ఈ ఉపన్యాసాన్ని ఈసారి నాకు అప్పగించినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. ఆయన ఏ వాదాన్ని చెప్పినా దాన్ని ఖండించే వాదాన్ని అంతకంటే బలంగా చెప్పేవారని శిష్యులు గుర్తు చేసుకుంటారు. ఆ పద్ధతికి తగిన విషయంగా, గత యాభై ఏళ్ళుగా నీతిశాస్త్రంలో తెగని ఒక వివాదాన్ని ఎంచుకున్నాను. మనకు ఏ సంబంధమూ లేని, మన కంటికి కనబడని మనిషి ప్రాణం నిలబెట్టవలసిన బాధ్యత మనకుందా? ఉంటే అది ఎంతవరకు? మొదటి ప్రశ్నకు ఉందని జవాబు చెప్పేవారు కూడా రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. అంత బరువైన నీతి మనుషులు మోయగలిగేది కాదు, కాబట్టి అది నిజమైన నీతి కాజాలదు అంటారు. ఆ ఆక్షేపణలో ఎంత సత్యముందో, ఎక్కడ అది హద్దు మీరుతుందో పరిశీలించడమే ఈ ఉపన్యాసం ఉద్దేశం.

వాదం పుట్టిన సందర్భం మన ఉపఖండానిదే. 1971లో తూర్పు బెంగాల్ నుంచి సరిహద్దు దాటి భారతదేశానికి వచ్చిన శరణార్థుల సంఖ్య ఆ ఏడాది నవంబరు నాటికి 90 లక్షలకు చేరింది. అప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న పాతికేళ్ళ ఆస్ట్రేలియా యువకుడు పీటర్ సింగర్ కరువు, సంపద, నైతికతల గురించి ఒక వ్యాసం రాశాడు. అది 1972లో ఫిలాసఫీ అండ్ పబ్లిక్ అఫైర్స్ అనే అమెరికన్ పత్రిక తొలి సంపుటంలో వెలువడింది. ఆ ఏడాది ముగిసేలోగా భారతదేశానికి ఇతర దేశాల నుంచి కనీసం 30 కోట్ల పౌన్ల సాయం కావాలని ప్రపంచ బ్యాంకు చెప్పిందనీ, బ్రిటన్ అందరికంటే ఉదారంగా ఇచ్చిన దేశాల్లో ఒకటైనా దాని సాయం కోటిన్నర పౌన్లకు లోపేననీ అతను లెక్క చూపాడు. అదే బ్రిటన్ అప్పటికే కాంకార్డ్ విమానం మీద 27 కోట్ల పౌన్లకు పైగా వెచ్చించింది. ఈ అంకెల తరువాతే అతను లోతులేని ఒక చెరువు ప్రస్తావన తెస్తాడు. దారిన పోతున్నవాడికి అందులో ఒక బిడ్డ మునిగిపోతూ కనబడుతుంది. దిగితే బట్టలు బురదవుతాయి, అంతే. దిగి తీయవలసిందేనని అందరూ ఒప్పుకుంటారు. అంతటి విలువైనది వేరే ఏదీ కోల్పోకుండా ఒక ఘోరాన్ని ఆపగలిగితే ఆపి తీరాలన్న సూత్రం ఈ తీర్పు వెనుక ఉంది. ఆ సూత్రంలో దూరానికీ చోటు లేదు, చూస్తున్నవారు ఒకరా వేయిమందా అన్నదానికీ చోటు లేదు. కాబట్టి కలకత్తా శిబిరంలోని బిడ్డ కూడా ఆ చెరువులోని బిడ్డే. సింగర్ తరువాత 1999లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి వచ్చి పాతికేళ్ళు అక్కడే బోధించడంతో ఈ చర్చకు కేంద్రం అమెరికా అయింది.

ఆ వ్యాసంలో ఒక్క సూత్రం కాదు, రెండున్నాయన్నది చాలామంది మరిచిపోతారు. మొదటిది కఠినమైనది. ఇంకా ఇస్తే ఇచ్చేవాడి దుస్థితి పుచ్చుకునేవాడి దుస్థితితో సమానమయ్యేదాకా ఇస్తూనే ఉండాలి. రెండోది మెత్తనిది. నైతికంగా లెక్కలోకి వచ్చే దేన్నీ వదులుకోనక్కర్లేనంతవరకు ఇవ్వాలి. సింగర్ మొదటిదే సరైనదని నమ్మాడు. కానీ రెండోది ఒప్పుకున్నా మన జీవితాలు గణనీయంగా మారవలసి ఉంటుందన్నాడు. అతి భారం అనే ఆక్షేపణ అంతా మొదటి సూత్రం మీద పుట్టి, ఎవరూ గమనించకుండా రెండో సూత్రాన్ని కూడా కొట్టివేయడానికి వాడుకలోకి వచ్చింది. ఆ జారుడును పట్టుకోవాలంటే ఈ ఆక్షేపణ చరిత్రలో నిజంగా ఎలా పనిచేసిందో చూడాలి. అందుకు మనం బెంగాల్ దాకా పోనక్కర్లేదు, నెల్లూరు, కర్నూలు, కడప జిల్లాలు చాలు.

అయితే అక్కడ జరిగినదానికి మూలం బిహారులో ఉంది. 1873-74లో బిహారులో కరువు వచ్చింది. బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి సుమారు అయిదు లక్షల టన్నుల బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు దాదాపు లేవు. బ్రిటిష్ పాలన కాలపు కరువుల్లో అంతటి విజయం మరొకటి కనబడదు. దానికి టెంపుల్‌కు దక్కినది మెప్పు కాదు, దుబారా చేశాడన్న నింద. ప్రాణాలను ఇంత ఖర్చుతో కాపాడడం ఖజానా భరించలేనిదని లండన్‌లోనూ కలకత్తాలోనూ తీర్మానించారు. రెండేళ్ళు తిరిగేసరికి మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే రాయలసీమ జిల్లాల్లో, నెల్లూరులో, తమిళ జిల్లాల్లో వానలు ముఖం చాటేశాయి. ఈసారి వైస్రాయి లిట్టన్ ప్రతినిధిగా అదే టెంపుల్ 1877 మొదట్లో దక్షిణాదికి వచ్చాడు. పాత నిందను పోగొట్టుకోవాలన్న తపన అతని ప్రతి ఉత్తర్వులోనూ కనబడుతుంది. కరువు పనుల్లో మట్టి మోసే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవారికీ పిల్లలకూ ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే వైద్యుడు ఇది పనిచేసే మనిషి ఒంటికి చాలని తిండి అని లెక్కలతో సహా వాదించాడు. కనీసం ఒకటిన్నర పౌను ధాన్యం, దానికి తోడు పప్పు, కూర అవసరమన్నాడు. ఆ ఏడాది వేసవిలో ప్రభుత్వం కొంత దిగివచ్చింది, కానీ అప్పటికే చాలా ఆలస్యమైంది. ఆ కరువులో బ్రిటిష్ ఇండియాలో చనిపోయినవారు 50 లక్షలకు పైనేనని తరువాత నియమించిన కరువు కమిషన్ అంచనాకు వచ్చింది.

ఇది కథగా చెప్పడం లేదు, సాక్ష్యంగా చెబుతున్నాను. బిహారులో జరిగినదాన్ని అతి భారం అన్నవారు ఒక వైపు లెక్క మాత్రమే రాశారు. ఖజానా నుంచి ఎంత పోయిందో రూపాయలతో సహా నమోదైంది. సాయం చేయకపోతే ఎవరి నుంచి ఏం పోతుందో ఆ లెక్కలోకి రాలేదు. 1877లో ఖజానా మీది భారాన్ని తగ్గించినప్పుడు భారం మాయమైపోలేదు. అది బళ్ళారిలో, కర్నూలులో కరువు పనులకు వచ్చిన కూలీ ఒంటి మీదికి మారింది. రోజుకు పౌను ధాన్యంతో బతకమని అడగడం కూడా ఒక నైతిక వ్యవస్థ మనిషిని అడిగినదే. అది అడిగినదానికంటే ఎక్కువ అడగడం ఏ వ్యవస్థకూ సాధ్యం కాదు. డేవిడ్ సోబెల్ అనే అమెరికన్ తత్వవేత్త 2007లో ప్రచురించిన ఒక వ్యాసంలో ఈ సంగతినే తర్కరూపంలో పెట్టాడు. ఒక నీతి సంపన్నుణ్ణి చాలా అడుగుతోందని మనం నొచ్చుకుంటాం. ఆ నీతిని తోసిపుచ్చితే దాని స్థానంలో వచ్చే నీతి నిరుపేదను తన ప్రాణం వదులుకోమని అడుగుతుంది. ఇది ఎక్కువ అడగడం కాదని చెప్పాలంటే, సాయం అందక నష్టపోవడం నష్టం కాదనీ సాయం చేసి నష్టపోవడమే నష్టమనీ ముందే ఒప్పుకోవాలి. కాబట్టి అతి భారం అన్న ఆక్షేపణ తనంతట తాను నిలబడే వాదం కాదు. కలిగించిన నష్టానికీ ఆపకుండా వదిలేసిన నష్టానికీ నైతికంగా గొప్ప తేడా ఉందన్న వేరే నమ్మకం మీద ఆనుకుని నిలబడుతుంది. ఆ నమ్మకం సరైనదైతే ఆక్షేపణ అనవసరం, తప్పయితే ఆక్షేపణకు బలం లేదు.

ఆ నమ్మకాన్ని అమెరికన్ చట్టం ఎంత దూరం తీసుకుపోయిందో ఈ దేశంలో స్థిరపడ్డ మనం తెలుసుకోవాలి. 1957 సెప్టెంబరులో పెన్సిల్వేనియాలోని ఒక బొగ్గు గని దగ్గర యానియా అనే వ్యక్తి, గని నడిపే బిగన్‌తో మాట్లాడడానికి వెళ్ళాడు. అక్కడ లోతైన కందకంలో ఎనిమిది, పది అడుగుల నీళ్ళు నిలిచి ఉన్నాయి. బిగన్ రెచ్చగొట్టాడనీ, యానియా అందులోకి దూకి మునిగిపోయాడనీ, బిగన్ చూస్తూ ఊరుకున్నాడనీ అతని భార్య దావా వేసింది. ఆరోపణలన్నీ నిజమే అనుకున్నా, ఆ ప్రమాదానికి బిగన్ చట్టపరంగా కారకుడైతే తప్ప నీళ్ళలోని మనిషిని కాపాడవలసిన చట్టబద్ధ బాధ్యత అతని మీద లేదని 1959లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. నైతిక బాధ్యత ఉండవచ్చు, చట్టానికి దానితో పని లేదన్నది ఆ తీర్పు సారం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో నేటికీ స్థూలంగా ఇదే స్థితి. సింగర్ చెరువులోని బిడ్డను వదిలేసిపోయిన అపరిచితుణ్ణి అక్కడి చట్టం ఏమీ అనదు.

మినహాయింపుల్లో వెర్మాంట్ ముఖ్యమైనది. 1960ల చివర ఆ చిన్న రాష్ట్రం ప్రాణాపాయంలో ఉన్నవారికి సాయం చేయడాన్ని చట్టబద్ధమైన విధిగా చేసింది. ఉల్లంఘనకు జరిమానా 100 డాలర్లకు మించదు, కాబట్టి భయపెట్టే చట్టం కాదు. కానీ తత్వశాస్త్రం దృష్టితో చదివితే దాని నిర్మాణం చాలా లోతైనది. తెలిసి ఉండాలి, ఎదుటివారికి తీవ్రమైన శారీరక హాని పొంచి ఉండాలి, అప్పుడు సమంజసమైన సాయం చేయాలి. ఆ విధికి అది మూడు హద్దులు పెట్టింది. సాయం చేసేవాడికి అపాయం ఉండకూడదు. అతను ఇతరులకు రుణపడ్డ ముఖ్యమైన బాధ్యతలకు భంగం రాకూడదు. ఆ సాయం అప్పటికే ఇతరులు చేస్తూ ఉండకూడదు. అతి భారం గురించి తత్వవేత్తలు రాసిన పుస్తకాలన్నీ ఒక రకంగా ఈ మూడు హద్దుల వ్యాఖ్యానాలే. హద్దులు ఉన్నాయని ఒప్పుకుంటూనే విధిని నిలబెట్టవచ్చునని ఒక శాసనసభ తేల్చి చూపించింది. ఇకమీద వచ్చే ఆక్షేపణలను ఈ హద్దుల వెలుగులోనే పరిశీలిస్తాను.

మొదటి ఆక్షేపణ ఖరీదు గురించి. సింగర్ చెరువులో పోయేది ఒక జత బట్టలు. నిజ జీవితంలో పోయేది ఎంత? 1999 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆదివారపు అనుబంధంలో సింగర్ రాసిన వ్యాసం, పీటర్ ఉంగర్ అనే న్యూయార్క్ విశ్వవిద్యాలయ తత్వవేత్త 1996 గ్రంథంలోని లెక్కను తీసుకుని, ఒక బిడ్డకు 200 డాలర్లు చాలునంది. ఆ అంకె చాలామందిని కదిలించింది, కానీ అది బాగా తక్కువ అంచనా. దానాల ఫలితాలను కొలవడానికే 2007లో ఏర్పడిన గివ్‌వెల్ సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో, తాను అత్యుత్తమంగా ఎంచిన కార్యక్రమాలకు కూడా, ఒక ప్రాణం నిలబెట్టడానికి సుమారు 3,000 నుంచి 5,500 డాలర్లు అవుతుందంటోంది. ఒక దోమతెర ఖరీదు కొద్ది డాలర్లే. కానీ వందల దోమతెరలు పంచితేనే, అవి లేకుంటే మలేరియాతో చనిపోయి ఉండే ఒక బిడ్డ బతుకుతుంది. ఆ బిడ్డ ఎవరో ఎవరికీ తెలియదు, చివరికి ఆ తల్లికి కూడా తెలియదు. కాబట్టి చెరువు పోలిక ఖరీదును పదింతలకు పైగా తగ్గించి చూపిందన్న విమర్శ సరైనదే. అయితే దాని నుంచి వచ్చే నిగమనం ఏమిటి? విధి లేదని కాదు. మధ్యతరగతి అమెరికన్ కుటుంబానికి ఒక ప్రాణం ఖరీదు ఒక జత బట్టలు కాదు, ఒక సెలవుల ప్రయాణమంత. ఒక సెలవుల ప్రయాణం వదులుకోవాలన్న భయంతో చెరువు గట్టు మీద నిలబడిపోయినవాణ్ణి మనం సమర్థించం.

రెండో ఆక్షేపణ అసలైనది. ఒక ప్రయాణం సరే, చెరువులో ఒక్క బిడ్డ ఉంటే సరే. కానీ ఆ చెరువు ఖాళీ అవదు. రేపూ ఒక బిడ్డ, ఎల్లుండీ ఒక బిడ్డ. ప్రతిసారీ పోయేది స్వల్పమే కాబట్టి ప్రతిసారీ దిగమంటే, ఆ స్వల్పాలన్నీ చేరి ఒక జీవితం కరిగిపోతుంది. చదువు, స్నేహం, సంగీతం, పిల్లల పెంపకం అన్నీ విలాసాలుగా తేలిపోతాయి. బెర్నార్డ్ విలియమ్స్, సూసన్ వుల్ఫ్ వంటివారు వేర్వేరు దారుల్లో చెప్పినది ఇదే. తన జీవితంలో తన సొంత ప్రయోజనాలకు చోటు లేని మనిషి ఆదర్శప్రాయుడు కాడు, అసలు ఎవరికీ ఆత్మీయుడు కాలేడు. ఈ మాటలో సత్యముందని ఒప్పుకోవాలి. గారెట్ కల్లిటీ అనే ఆస్ట్రేలియా తత్వవేత్త 2004లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిక్కును సరైన చోట పట్టుకున్నాడు. నష్టాన్ని ప్రతి బిడ్డ దగ్గరా కొత్తగా కొలుస్తామా, లేక ఇప్పటిదాకా ఇచ్చినదంతా కలిపి కొలుస్తామా? విడివిడిగా కొలిస్తే కఠినసూత్రం దాకా ఆగకుండా జారిపోతాం. కలిపి కొలిస్తే, ఒక మనిషి మొత్తం జీవితంలో మోయదగినది ఇంత అన్న హద్దు ఏర్పడుతుంది. నా అభిప్రాయంలో కలిపి కొలవడమే న్యాయం. ఎదుటివారి జీవితాన్ని మొత్తంగా చూసి దానికి విలువ ఇచ్చే నీతి, ఇచ్చేవాడి జీవితాన్ని మాత్రం తునకలుగా కోసి చూడడం దానికే విరుద్ధం. మలేరియా నుంచి బిడ్డను ఎందుకు కాపాడాలి? ఆ బిడ్డ పెరిగి చదువుకుని, పెళ్ళాడి, పాట పాడుకునే జీవితం గడపాలని. అటువంటి జీవితం కాపాడదగినదైతే అది గడపడమూ దోషం కాజాలదు.

అయితే ఈ ఒప్పుకోలు ఎక్కడిదాకా పోతుంది? ఇక్కడ చాలామంది వ్యాసకర్తలు ఆగిపోతారు. హద్దు ఉందని రుజువు కాగానే వాదం గెలిచినట్టు భావిస్తారు. హద్దు ఉండడం వేరు, మనం ఆ హద్దు దగ్గర ఉండడం వేరు. ఒక లెక్క వేసి చూద్దాం. ఈ న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఒక కుటుంబం ఏడాదికి 1,50,000 డాలర్లు సంపాదిస్తోందనుకుందాం. వెర్మాంట్ చట్టం చెప్పిన ముఖ్యమైన బాధ్యతలను ముందు తీసివేయాలి. పన్నులు, ఇంటి వాయిదా, పిల్లల చదువు, స్వదేశంలో వృద్ధులైన తల్లిదండ్రుల వైద్యం ఉన్నాయి. హెచ్‌-1బి వీసా మీద ఉన్నవారికి ఇంకొకటి చేరుతుంది. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉండే గడువు 60 రోజులే కాబట్టి కొన్ని నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవడం వారికి విలాసం కాదు. అన్నీ పోగా మిగిలినదాంట్లోంచి, సింగరే తన 2009 గ్రంథంలో సుఖంగా బతికేవారికి సూచించినట్టు మొత్తం ఆదాయంలో 5 శాతం ఇచ్చారనుకుందాం. ఏడాదికి 7,500 డాలర్లు. గివ్‌వెల్ అంచనాల ప్రకారం అది ఏడాదికి ఒకటికి పైన, రెండున్నర దాకా ప్రాణాలు. ఇరవై ఏళ్ళలో సుమారు 27 నుంచి 50 దాకా. ఆ కుటుంబంలో ఎవరి చదువూ ఆగదు, ఎవరి సంగీతమూ ఆగదు. ఇల్లు కాస్త చిన్నదవుతుంది, కారు కాస్త పాతదవుతుంది. విలియమ్స్ భయపడ్డ ఆత్మనాశనానికీ దీనికీ మధ్య ఉన్న దూరం ఎంత విశాలమైనదో ఈ లెక్కే చెబుతుంది. కఠినసూత్రం మీద గెలిచిన ఆక్షేపణ ఈ అయిదు శాతాన్ని తాకలేదు. కఠినసూత్రాన్ని చూపి ఈ అయిదు శాతాన్ని ఎగవేయడమే నేను ముందు చెప్పిన జారుడు.

మన సమాజంలో దానం తక్కువని ఎవరూ అనలేరు. పుట్టిన ఊళ్ళో బడి, గుడి, మంచినీటి పథకం, అమెరికాలో దేవాలయాలు, తెలుగు సంఘాల సేవా కార్యక్రమాలు, వీటికి ఇచ్చేది చాలా ఎక్కువ. ఆ ఇవ్వడం సంబంధాన్ని వెంబడించి పోతుంది, అందులో తప్పు లేదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు గడప తొక్కిన ప్రతివాడికీ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన చరిత్ర మనకుంది. ఆమె కులం అడగలేదు, ఊరు అడగలేదు. కానీ ఆమె కాలంలో గడప దాకా రాలేనివాడి ఆకలి గురించి తెలిసే మార్గమూ లేదు, తెలిసినా అన్నం అంత దూరం చేర్చే మార్గమూ లేదు. ఈ రెండు అడ్డంకులూ మన కాలంలో పోయాయి. దూరం ఇంకా ఒక సాకుగా మిగిలి ఉంది, కారణంగా మాత్రం మిగలలేదు. దూరాన్ని లెక్కచేయని ఇలాంటి సాయం అమెరికా నుంచి వచ్చినవారి చేతుల మీదుగా ఒకనాడు తెలుగుదేశానికి అందింది. 1877లో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న మాదిగ కుటుంబాలకు, ఇతరులకు అక్కడ కూలి పని ఇచ్చాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిందన్నది కూడా చరిత్రే. ఆ సాయం నిష్కామమైనదా కాదా అన్న చర్చ సాగుతూనే ఉంటుంది. ఆ కాలువ గట్టు మీద పనిచేసి బతికినవారికి మాత్రం ఆ చర్చ రెండో విషయం.

మూడో ఆక్షేపణ న్యాయం పేరిట వస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని లియామ్ మర్ఫీ 2000లో ప్రచురించిన గ్రంథంలో ఇలా వాదించాడు: లోకంలోని సంపన్నులందరూ తమ వంతు ఇస్తే ఒక్కొక్కరి మీద పడేది ఎంతో, అంతే నా బాధ్యత. ఇతరులు ఎగవేసిన వంతు నా మీద వేయడం అన్యాయం. ఇది బలమైన వాదం, పంపకంలో సమానత్వం కోరే ఎవరికైనా నచ్చే వాదం. కానీ చెరువులో ఇద్దరు పిల్లలు, గట్టున ఇద్దరు పెద్దలు ఉన్నారనుకుంటే చిక్కు బయటపడుతుంది. నేను ఒక బిడ్డను తీశాను, రెండోవాడు వెళ్ళిపోయాడు. నా వంతు అయిపోయింది కాబట్టి రెండో బిడ్డను వదిలి నడిచిపోవచ్చా? వెర్మాంట్ శాసనకర్తలు ఇక్కడ మర్ఫీ కంటే స్పష్టంగా ఆలోచించారు. సాయం ఇతరులు చేస్తూ ఉంటే నీ విధి తీరిందన్నారు. ఇతరులు చేయవలసి ఉంటే తీరిందని అనలేదు. నీళ్ళలో ఉన్న బిడ్డకు కావలసింది చేయి, చేతుల జాబితా కాదు. అయినా మర్ఫీ వాదంలో ఒక భాగం నిలుస్తుంది, అది ఈ ఉపన్యాసానికి చాలా ముఖ్యమైనది. నా మీద భారం ఎక్కువ కావడానికి కారణం నీతి కాదు, ఎగవేసినవాళ్ళు. కాబట్టి అతి భారం గురించి నిజంగా బాధపడేవాడు చేయవలసిన మొదటి పని తన వంతు తగ్గించుకోవడం కాదు, భారాన్ని ఎక్కువ మంది మీద పరిచే ఏర్పాటును బలపరచడం.

ఆ ఏర్పాటు అమెరికాలో ఉండేది. 2003లో జార్జి బుష్ ప్రభుత్వం పెప్‌ఫార్ అనే ఎయిడ్స్ నిరోధ పథకాన్ని అయిదేళ్ళకు 1,500 కోట్ల డాలర్ల ప్రణాళికతో ప్రారంభించింది. అది రెండున్నర కోట్ల ప్రాణాలను నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వమే చెప్పుకుంది. దానితో సహా విదేశీ సాయమంతా కలిపినా సమాఖ్య బడ్జెట్‌లో సుమారు ఒక శాతం. బడ్జెట్‌లో నాలుగో వంతు దాకా విదేశాలకు పోతోందని సగటు అమెరికన్ పౌరుడు అనుకుంటాడని సర్వేలు ఏళ్ళ తరబడి చూపుతూనే వచ్చాయి. అంటే మన ఆక్షేపణ ఇక్కడ కూడా పనిచేసింది. లేని భారాన్ని ఊహించుకుని, ఆ ఊహించిన భారం భరించలేమని తీర్పు చెప్పారు. 2025లో కొత్త ప్రభుత్వం విదేశీ సాయాన్ని మొదట స్తంభింపజేసి, ఆ ఏడాది జులై 1 నాటికి యుఎస్ఎయిడ్ సంస్థ కార్యకలాపాలను ముగించింది. మందులు ఆగిన క్లినిక్కుల భారం ఎక్కడికి పోయింది? 1877లో పోయిన చోటికే పోయింది. కొంత భారం స్వచ్ఛంద దాతల మీదికీ మళ్ళింది. ప్రభుత్వం ఇచ్చినప్పుడు పౌరుడికి ఏడాదికి కొద్ది వందల డాలర్లలోపు తేలిన బాధ్యత, ప్రభుత్వం తప్పుకున్నప్పుడు మనస్సాక్షి ఉన్న కొద్దిమంది మీద వేల డాలర్లుగా పడుతుంది. వ్యక్తిగత దానం మీద మోయలేని భారమని ఆక్షేపించేవారే ప్రభుత్వ సాయాన్ని కూడా వ్యతిరేకిస్తే, వారి వాదం భారం గురించి కాదని తేలిపోతుంది.

ఒక మాట మిగిలింది. సాయం తప్పుదారి పడుతుంది, దొంగల పాలవుతుంది, మంచి కంటే చెడు చేస్తుంది అంటారు. కొన్ని సందర్భాల్లో అది నిజమే. అది ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు, ఎంత ఇవ్వాలన్నదానికి కాదు. దోమతెరల పంపిణీలో ఎన్ని చేరాయో, ఎన్ని కట్టుకుంటున్నారో లెక్క చూసే పద్ధతులు ఏర్పడ్డాయి. ఆ లెక్క చూపనివారికి ఇవ్వకపోవడం వివేకం. ఎవరికీ ఇవ్వకపోవడానికి దాన్ని కారణంగా వాడుకోవడం మాత్రం వివేకం కాదు.

కఠినసూత్రాన్ని నేను సమర్థించను. అది మనిషి జీవితాన్ని తునకలుగా కొలుస్తుందని చెప్పాను. మెత్తని సూత్రం మాత్రం ఈ చర్చలో ఓడిపోలేదు. అతి భారమన్న ఆక్షేపణ దాన్ని తాకనే లేదు. ఈ సభలో ఉన్నవారిలో అమెరికా పౌరసత్వం ఉన్నవారికి ఓటు ఉంది. విదేశీ సాయానికి నిధులను కాంగ్రెస్ ప్రతి ఏటా కొత్తగా కేటాయించాలి. మీ ప్రతినిధికి ఆ కేటాయింపుల సమయంలో ఉత్తరం రాయండి, ఫోను చేయండి. పౌరసత్వం లేనివారికి ఓటు లేదు కానీ ఆదాయం ఉంది. ఈ ఏడాది పన్నుల లెక్క వేసుకునేటప్పుడు, ముఖ్యమైన బాధ్యతలన్నీ తీసివేశాక మిగిలినదాన్ని చూసి, అందులో దూరాన ఉన్నవారి వంతు ఎంతో కాగితం మీద రాసుకోండి, రాసుకున్నది పంపండి.